క్రిస్మస్ పాట: లూకా రెండో అధ్యాయం, మూడు మాత్రల నడక

ప్రశ్న: అన్నా వందనాలు. మాది కడప దగ్గర పల్లె. చర్చి కాయర్ కోసం క్రిస్మస్ పాట ఒకటి రాసినా. పల్లవి ఇదీ: "మంచు కురిసే అర్ధరాత్రివేళ పశువుల పాకలో సర్వోన్నతుడు జన్మించియుండగా, ముగ్గురు రాజులు నక్షత్రమును వెంబడించి కానుకలర్పించిరి". అయ్యగారు చూసి ఇది వాక్యంలో ఉన్నట్టు లేదు అన్నారు, కాయర్ వాళ్ళేమో ఊపిరి అందడం లేదు అంటాండారు. ఎట్ల సరిచేయాల?

జవాబు:

వందనాలు తమ్ముడూ. నేను కడపలో ఇరవై ఏండ్లకు పైగా కాయర్ నడిపిస్తాండా, పాటలు రాసేదీ నేర్పేదీ రెండూ చేస్తా కాబట్టి నీ రెండు కష్టాలూ నాకు తెలుసు. అవి వేరువేరు కష్టాలు అనుకుంటాండావు గానీ రెండిటికీ మూలం ఒకటే, ఒక్క పల్లవిలో మత్తయినీ లూకానీ కార్డుల మీద బొమ్మల్నీ కలిపి పోసినావు, అందుకే మాటలు ఎక్కువైనాయి, మాటలు ఎక్కువైతే ఊపిరి యాడ అందుతాది.

ముందు కథ చూద్దాం. మంచు అనేది లూకాలో లేదు, మత్తయిలో లేదు, అసలు ఏ నెలో కూడా రాసి లేదు. అర్ధరాత్రి అని కూడా లేదు, కాపరులు రాత్రివేళ మంద కాచుకుంటా ఉన్నారని మాత్రం ఉంది. పశువుల పాక కూడా లేదు, ఉన్నది "పశువుల తొట్టి" ఒక్కటే. ఆ తొట్టి పాకలో ఉందా, ఇంట్లోనే ఒక పక్కన ఉందా, గుహలో ఉందా అనేది లూకా చెప్పలేదు. గుహ అనే మాట రెండో శతాబ్దంలో జస్టిన్ అనే ఆయన రాసినాడు, అది పాత సంప్రదాయమే గానీ సువార్త మాట కాదు. బొమ్మల్లో కనపడే ఎద్దు, గాడిద కూడా యెషయా 1:3 నుంచి వచ్చి చేరినవే, లూకా వాటి పేరు ఎత్తలేదు.

ఇంగ జ్ఞానులు. మత్తయి రెండో అధ్యాయం ఒకసారి నెమ్మదిగా చదువు. వాళ్ళు రాజులని లేదు, ముగ్గురని లేదు, కానుకలు మూడు రకాలు కాబట్టి మనం ముగ్గురిని చేసుకున్నాం. వాళ్ళు ముందు యెరూషలేముకు పోయి "యూదుల రాజుగా పుట్టినవాడెక్కడ" అని అడిగినారు, అక్కడినుంచి బేత్లెహేము దారిలో నక్షత్రం వాళ్ళకు ముందుగా నడిచింది. వాళ్ళు అడుగుపెట్టింది "ఇంటిలోకి", తొట్టి దగ్గరికి కాదు. హేరోదు రెండేండ్లు, అంతకు తక్కువ వయసు పిల్లల్ని చంపమన్నది కూడా జ్ఞానులు చెప్పిన కాలాన్ని బట్టే. కాబట్టి కాపరులనూ జ్ఞానులనూ ఒకే రాత్రి ఒకే తొట్టి చుట్టూ నిలబెడితే కథ తప్పుతాది. నా సలహా, ఈ పాటలో జ్ఞానుల్ని పూర్తిగా తీసెయ్, లూకా 2:1 నుంచి 20 వరకే పాడు. ఒక పాటకి ఒక రాత్రి చాలు.

ఇంకో మాట, నువ్వు రాయలేదు గానీ చానామంది రాస్తారు కాబట్టి చెప్తాండా. సత్రం యజమాని తలుపు మూసినాడు, పొమ్మన్నాడు అని. లూకాలో సత్రం యజమాని అనే మనిషే లేడు. "సత్రములో వారికి స్థలము లేనందున" అని ఉంది, అంతే. అక్కడ లూకా వాడిన గ్రీకు మాట "కటలూమ". అదే మాట 22:11లో మళ్ళీ వస్తాది, ప్రభువు పస్కా భుజించడానికి అడిగిన గది అది, మన బైబిల్లో అక్కడ "విడిది గది" అని ఉంది. మంచి సమరయుని కథలో మాత్రం డబ్బిచ్చి ఉండే చోటుకు లూకా వేరే మాట వాడినాడు, మన బైబిల్లో దాన్ని "పూటకూళ్ల" ఇల్లు అన్నారు. అంటే ఇక్కడ ఉన్నది చుట్టాల ఇంటి విడిది గది కూడా అయ్యుండచ్చు, ఊరంతా జనుల లెక్కకు వచ్చినవాళ్ళతో నిండిపోయి చోటు లేకపోయింటాది. మనం సత్రం అనే మాట ఉంచుకోవచ్చు, మన బైబిల్లో ఉండేదే, జనానికి తెలిసిందే. కానీ ఎవర్నో దుర్మార్గున్ని చేసి తలుపు మూయించొద్దు, "చోటు లేక" అనేదాంతో ఆపెయ్.

ఇప్పుడు ఊపిరి సంగతి. నీ పల్లవిని మాత్రలు లెక్కపెట్టు. పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికి రెండు, సున్న ఉన్నా, పక్కన ఒత్తక్షరం వచ్చినా రెండు. "మంచు" మూడు, "కురిసే" నాలుగు, "అర్ధరాత్రివేళ" తొమ్మిది, "పశువుల" నాలుగు, "పాకలో" ఐదు, ఇక్కడికే 25. "సర్వోన్నతుడు" ఏడు, "జన్మించియుండగా" పది, మొత్తం 42. నిమిషానికి డెబ్బై దెబ్బలు, దెబ్బకు మూడు మాత్రలు అనుకుంటే 42 మాత్రలు పన్నెండు సెకన్లు, మధ్యలో యాడా ఆగే చోటు లేదు, అప్పటికి ఇంకా వాక్యం కూడా పూర్తి కాలేదు. చలిలో వీధుల్లో నడుస్తా పాడే పిల్లలకు అది అయ్యే పని కాదు. దానికి తోడు మూడు, నాలుగు, తొమ్మిది, నాలుగు, ఐదు అని నడక మాటమాటకీ మారతాంది, డోలక్ వాయించేవాడికి దెబ్బ యాడ వేయాలో తెలీదు.

ఇక్కడ నేను చానా ఏండ్ల తర్వాత కనిపెట్టిన ఒక సంగతి చెప్తా. ఈ కథలో ముఖ్యమైన మాటలు చానావరకు తెలుగులో మూడు మాత్రలవే. మరియ, దూత, మంద, రేయి, పొలము, తొట్టి, నేడు, మహిమ, యేసు, క్రీస్తు, తల్లి, అన్నీ మూడే. "బేత్లెహేము" ఆరు, బేత్లె మూడు హేము మూడు. "పొత్తిగుడ్డ" ఆరు. "పశుల తొట్టి" ఆరు. అంటే ఈ కథ తనంతట తానే తిశ్ర నడకలో ఉంది, మన కోలాటం అడుగులో. నువ్వు చేయాల్సిందల్లా దాన్ని చెడగొట్టకుండా ఉండటమే.

పంక్తికి ఎనిమిది దెబ్బలు పెట్టుకో, దెబ్బకు మూడు మాత్రలు, చివరి దెబ్బలో ఒక్క దీర్ఘం రెండు మాత్రలు పాడి మూడో మాత్ర ఊపిరికి వదిలెయ్. అప్పుడు పంక్తి ఏడు సెకన్ల లోపే అయిపోతాది. ఊపిరి చాలనివాళ్ళకు నాలుగో దెబ్బ దగ్గర మాట పూర్తయ్యేటట్టు చూడు, అక్కడ చిన్న గుటక తీసుకుంటారు. నీ పల్లవి స్థానంలో ఇట్ల పెట్టి చూడు:

నేడు మనకు రక్షకుండు పుట్టె బేత్లెహేములో
పొత్తిగుడ్డ చుట్టియుంచె తల్లి పశుల తొట్టిలో

చప్పట్లు కొడతా చదువు: నేడు, మనకు, రక్ష, కుండు, పుట్టె, బేత్లె, హేము, లో. రెండోది: పొత్తి, గుడ్డ, చుట్టి, యుంచె, తల్లి, పశుల, తొట్టి, లో. ఎక్కడా నడక తప్పదు. "చుట్టి ఉంచె" అని రాయకుండా "చుట్టియుంచె" అని యకారం పెట్టినా చూడు, అది లేకుంటే ఇరవైమంది పాడేటప్పుడు సగంమంది "చుట్టుంచె" అని ఒక మాత్ర మింగేస్తారు. మొదటి పంక్తి దూత చెప్పిన మాట, లూకా 2:11, రెండోది ఏడో వచనం, దూత కాపరులకు ఆనవాలుగా చెప్పిన పన్నెండో వచనం కూడా అదే. పల్లవి మొత్తం వాక్యమే, మనం చేర్చింది ఏమీ లేదు.

ఇప్పుడు మొదటి చరణం:

జనుల లెక్క రాయమంటు చక్రవర్తి చెప్పగా
యోసేపు మరియ తోడ బేత్లెహేము చేరెనే
సత్రమందు చోటు లేక కన్నె కన్న కొడుకునే

మూడో పంక్తి అక్కడ ఆగదు, నేరుగా పల్లవి రెండో పంక్తిలోకి పోతాది, "కన్నె కన్న కొడుకునే పొత్తిగుడ్డ చుట్టియుంచె తల్లి పశుల తొట్టిలో" అని. చరణం పల్లవిని పట్టుకుంటే కాయర్ కు ఎక్కడ తిరిగి ఎత్తుకోవాలో ఎవరూ చెప్పాల్సిన పని ఉండదు.

ఈ చరణంలో రెండు చోట్ల నేను దెబ్బ తిన్నా. మొదటి పంక్తి నేను ముందు "కైసరాజ్ఞ చేయగా" అని రాసుకున్నా, కైసరు ఆజ్ఞ అని అర్థం, లెక్కకు బాగానే కుదిరింది. కానీ దెబ్బ "కైస" తర్వాత పడతాది, "రాజ్ఞ" విడిగా వినపడతాది. ప్రాక్టీసులో మా ఇంటామెను వెనక బెంచీలో కూర్చోబెట్టి, కాగితం చూపియ్యకుండా విన్నది విన్నట్టు రాయమన్నా. ఆమె "రాజ్ఞి" అని రాసింది. ఈ రాణి ఎవరు, కథలో యాడుంది అని అడిగింది. ఆ రోజే మార్చినా. మాట సగానికి దెబ్బ పడటం తప్పు కాదు, "రక్ష-కుండు" కూడా అట్లనే విరుగుతాది, కానీ విరిగిన ముక్క ఇంకో మాటలాగ వినపడకూడదు. పాట అయినాక ఈ పరీక్ష తప్పకుండా పెట్టు, పాట తెలియని మనిషిని వెనక కూర్చోబెట్టి రాయించు, రాసినవాళ్ళకు ఎప్పుడూ సరిగ్గానే వినపడతాది.

రెండోది యోసేపు. ఈ పేరు ఐదు మాత్రలు, యో రెండు, సే రెండు, పు ఒకటి. మూడులో ఇమడదు. ఇక్కడ "యో"ని ఇంకో మాత్ర సాగదీసి మూడు చెయ్, తర్వాత "సేపు" మూడు. దీర్ఘాన్ని ఎంత సాగదీసినా దీర్ఘమే, మాట చెడదు. "దావీదు" కూడా అంతే, "దా" సాగుతాది. కానీ "నజరేతు"లో మొదటి రెండూ పొట్టి అక్షరాలు, వాటిని సాగదీస్తే "నజా" అవుతాది, వినేవాళ్ళకు అది వేరే ఊరు. అందుకే నజరేతు ఈ నడకలో పెట్టలేదు, పెట్టకపోతే కథకు తప్పు రాదు, చెప్పకపోవడం వేరు, తప్పు చెప్పడం వేరు.

ట్యూన్ కట్టేటప్పుడు కూడా ఇదే సూత్రం, సాగే స్వరం దీర్ఘం మీదే పడాల. ఒత్తక్షరం ముందు ఉండే పొట్టి అక్షరం రెండు మాత్రలే గానీ దాన్ని సాగదీయలేం, గొంతు అక్కడ మూసుకుంటాది. నేను మొదట ట్యూన్ ఎత్తు "పుట్టె" మీద పెట్టినా, పుట్టడమే కదా ముఖ్యం అనుకొని. ఆడపిల్లలు ఆ పై స్వరం పట్టుకోడానికి "పూటె" అని పాడినారు, ఎంత చెప్పినా మారలేదు, మారదు కూడా, వాళ్ళ తప్పు కాదు అది. ఎత్తును రెండు దెబ్బలు పక్కకు జరిపి "బేత్లెహే" దగ్గర, ఆ "హే" మీద పై స పెట్టినా, నోరు తెరుచుకునే దీర్ఘం కాబట్టి హాయిగా పలికింది. ఇ, ఉ శబ్దాలు పైన కష్టం, ఆ, ఏ, ఓ తేలిక. పంక్తి చివర్లన్నీ లో, గా, నే అని పెట్టడం కూడా అందుకే. "జన్మించెను" "అర్పించిరి" అని పెడితే చివర పొట్టి అక్షరం నిలబడదు, ఒకరు ముందు వదిలేస్తారు, ఒకరు సాగదీస్తారు.

శ్రుతి సంగతి క్లుప్తంగా చెప్తా. ఆడా మగా పిల్లలూ కలిసి ఒకే ట్యూన్ పాడాలంటే డి మేజర్ లో పెట్టుకో, కింద మంద్ర పంచమం దాటొద్దు, పైన పై షడ్జం దాటొద్దు. రెండో గొంతు కావాలంటే ఒక్క "లో" మీద మాత్రం పెట్టు, మిగతా అంతా అందరూ ఒకటే పాడనీ.

రెండో చరణం కాపరులది, నాకు చానా ఇష్టమైనది:

పొలములోన రేయివేళ మంద కాచు వారికే
దూత వచ్చె మహిమ మెరిసె భయము మాని వినుడనే

మన దగ్గర చెనిక్కాయ పీకినాక ఎరువు కోసం చేలో మంద కడతారు చూడు, కాపరులు రాత్రంతా అక్కడే కంబళి కప్పుకొని మేలుకొని ఉంటారు. మన జనానికి లూకా 2:8 ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు, "పొలములో ఉండి రాత్రివేళ" అంటే కళ్ళకు కట్టినట్టు తెలుసు. అందుకే కొండలు, లోయలు, మంచు అవన్నీ పెట్టొద్దు, పొలము, రేయి, మంద అనే మూడు మాటలు చాలు. అట్లని కంబళినీ కుక్కనీ పాటలోకి తేవద్దు, అవి మన చేలో ఉన్నవి, లూకా రాసినవి కావు.

ఈ చరణం తర్వాత పల్లవి ఎత్తుకునేది దూత. కాబట్టి ఆ ఒక్కసారి "నేడు మనకు" కాదు, "నేడు మీకు" అని పాడించు. దూత "మీ కొరకు పుట్టియున్నాడు" అన్నాడు, మన కొరకు అనలేదు. "మనకు" మూడు మాత్రలే, "మీకు" మూడు మాత్రలే, ట్యూన్ లో ఏమీ కదలదు. మేము ఆ పంక్తిని ఒక చిన్నపాపతో ఒంటరిగా పాడిస్తాం, తర్వాత అందరూ "మనకు" అని అందుకుంటారు. ప్రాక్టీసులో రెండుమూడు సార్లు మర్చిపోయి కలిసి "మనకు" అనేస్తారు, అందుకని కాగితంలో పల్లవి మళ్ళీ పూర్తిగా రాసి ఇయ్యి, "పల్లవి" అని ఒక మాట రాసి వదలొద్దు.

మూడో చరణం దూతల స్తోత్రం:

పరమునందు మహిమ మహిమ దేవుడైన తండ్రికే
దేవునిష్ట జనులకెల్ల భూమిమీద శాంతియే

మన బైబిల్లో "సమాధానము" అని ఉంది, అది ఏడు మాత్రలు, ఈ నడకలో కూర్చోదు, శాంతి అన్నా అర్థం తప్పదు. కానీ "ఆయన కిష్టులైన" అనే మాట మాత్రం వదలొద్దు, చానా పాటల్లో అది వదిలేసి ఊరికే భూమికి శాంతి అని ఆపుతారు, 14వ వచనంలో ఆ మాట ఉంది కాబట్టి మన పాటలోనూ ఉండాల. ఇంకో చిన్న సంగతి, లూకా "స్తోత్రము చేయుచుండెను" అన్నాడు, పాడినారు అని సూటిగా రాయలేదు. దూతలు పాడినారని పాడుకోవడంలో నాకు అభ్యంతరం లేదు గానీ మీ అయ్యగారు పట్టుబట్టే మనిషి లాగ ఉన్నారు కదా, ఈ చరణంలో ఆ మాటే రాకుండా నేరుగా స్తోత్రమే పెట్టినా.

నాలుగోది:

లేచి వారు త్వరగ పోయి చూచి వచ్చి చాటిరే
మరియ తల్లి మాటలన్ని మనసులోన దాచెనే

మొదటి పంక్తి జోరుగా, రెండోది గొంతు తగ్గించి పాడించు, డోలక్ ఆపేసి. వేగం మాత్రం తగ్గించొద్దు, ఈ పాటలో ఒత్తులు ఎక్కువ, నిమిషానికి అరవై దెబ్బల కంటే నెమ్మది చేస్తే పొత్తి, గుడ్డ, చుట్టి, తొట్టి అన్నీ ముక్కలు ముక్కలుగా వినపడతాయి. నిదానంగా సాగే జోలపాట కావాలంటే ఇవే మాటలు పనికిరావు, దీర్ఘాలు ఎక్కువుండే మాటలతో వేరే పాట రాసుకోవాల.

జ్ఞానులు లేకుంటే మీ కాయర్ లో కిరీటాలు కుట్టించుకున్న పిల్లలు బాధపడతారంటే, జనవరి 6 దగ్గర్లో వచ్చే ఆదివారానికి ఇదే ట్యూన్ కి ఇంకో చరణం పెట్టుకో: "తూర్పు నుండి జ్ఞానులొచ్చి ఇంటిలోన మొక్కిరే". బంగారము, సాంబ్రాణి, బోళము మూడూ ఈ నడకకు అడ్డం తిరిగే మాటలే, బంగారానికి "పసిడి" అంటే కుదురుతాది, మిగతా రెండూ నువ్వు కూర్చో. రాసినాక చప్పట్లు కొడతా చదివి, దెబ్బ తప్పిన చోట గీత గీసి ఇక్కడ పెట్టు, చూస్తా.